పందిట్లో మైకు ‘హూఁ’ అని మూలుగుతుంటే: గ్రౌండ్ లూప్‌ని పట్టుకోవడం ఎలా

మైకు సెట్టు అంతా బిగించారు. ఇంకా ఎవరూ మాట్లాడలేదు, పాటా పెట్టలేదు. అయినా బాక్సుల్లోంచి ‘హూఁ...’ అని ఒకటే మూలుగు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, కనిపించిన వైరల్లా పీకి మళ్ళీ గుచ్చడం. దానివల్ల ఒక్కోసారి మూలుగు ఆగుతుంది గానీ ఎందుకు ఆగిందో తెలియదు. సరిగ్గా పంతులుగారు మంత్రం మొదలుపెట్టే వేళకి మళ్ళీ వస్తుంది. కాబట్టి మీరు వైర్ల జోలికి పోకండి. ముందు వినండి, తర్వాత నాబులు తిప్పండి, ప్లగ్గులు పీకడం ఆ తర్వాతే. ఈ వరుసలో వెళ్తే దోషం ఎక్కడుందో పావుగంటలో తేలిపోతుంది.

ఈ వరుస ఎలా నడుస్తుందో ఒక పందిరి సంగతిగా చెబుతాను. విశాఖ కంచరపాలెంలో వినాయక చవితి పందిరి. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఆ రోజు ఒక్కడే ఉన్నాడు. పనిలో చేరి ఆరు నెలలు. నేను గాజువాకలో ఇంకో పందిరి దగ్గర ఇరుక్కుపోయాను. సాయంత్రం ఆరుకి ఫోను: “గురువుగోరూ, బాక్సులు మూలుగుతున్నాయండి. అన్నీ సరిగానే ఎట్టినాను.” వెనకాల కమిటీ పెద్దాయన గొంతు కూడా వినబడింది: “ఏటి బావూ, మైకులో తుమ్మెద దూరిందేటి?”

పందిరి ఎలా ఉందో ముందు చెప్పాలి, ఎందుకంటే దోషం అందులోనే ఉంది. ఆంప్లిఫయర్, బాక్సులు స్టేజీ పక్కన ఉన్నాయి. వాటికి కరెంటు పందిరి మెయిన్ బోర్డు నుంచి, ఆ బోర్డుకి పక్కనే నేలలో దిగ్గొట్టిన ఎర్త్ రాడ్డు. మిక్సర్ మాత్రం స్టేజీకి పాతిక మీటర్ల దూరంలో ఒక ఇంటి వరండాలో ఉంది. వాన పడుతోందని అక్కడ పెట్టారు. ఇంటివాళ్ళు మంచివాళ్ళు, వరండాలోని ప్లగ్గు వాడుకోమన్నారు. మిక్సర్ నుంచి ఆంప్లిఫయర్‌కి ముప్పై మీటర్ల మోనో కేబుల్, రెండు చివరలా పి-38 పిన్నులు.

వినడంతో మొదలుపెట్టండి

మూలుగు అన్నీ ఒకలాంటివి కావు. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. అందుకే ఎర్త్‌ దోషంతో వచ్చే మూలుగు సాధారణంగా బొంగురుగా, నిలకడగా ఉంటుంది, తంబురా మంద్రంలో ఒకే తీగ మీటుతున్నట్టు. అలా కాకుండా ‘జ్‌జ్‌జ్’ అని గీరినట్టుంటే, అదీ సీరియల్ లైట్లు వెలిగి ఆరుతున్నప్పుడు మారుతుంటే, లైట్ల కంట్రోలర్ వైపు చూడండి. మైకునో మిక్సర్ ఇనప బాడీనో చేత్తో ముట్టుకుంటే మూలుగు తగ్గిందా? అయితే చాలాసార్లు అక్కడ ఎర్త్ అసలు అందడం లేదని అర్థం. అది వేరే జబ్బు, ఇంకా ప్రమాదకరమైంది. ముట్టుకునేటప్పుడు జివ్వుమన్నా అంతే. వెంటనే ఆ వస్తువుకి కరెంటు తీసేసి ఎర్తింగ్ చూసుకోండి.

మా కుర్రాడిది నిలకడైన మూలుగు. ముట్టుకున్నా మారలేదు. రైల్వే లైను దగ్గర కదా, కరెంటు రైళ్ళ వల్లేమోనని పందిట్లో ఎవరో అన్నారట. వాడు పది నిమిషాలు చెవి పెట్టి కూర్చున్నాడు. ఒక రైలు వచ్చింది, పోయింది. మూలుగు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. కానీ ఇంకొకటి దొరికింది. వరండా ఇంట్లో నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా మూలుగు కొంచెం హెచ్చుతోంది. స్టేజీ దగ్గర బాక్సుల్లో వచ్చే మూలుగుకీ పాతిక మీటర్ల అవతల ఇంట్లో మోటారుకీ ఏం సంబంధం? ఆ ప్రశ్న వాడికి తట్టింది. అసలు పని అక్కడ మొదలైంది.

రెండు నాబులతో చోటు తేల్చండి

ఇప్పుడు మిక్సర్‌లో మెయిన్ ఫేడర్ పూర్తిగా కిందికి దించండి. మూలుగు ఆగిపోతే అది మిక్సర్‌లోకి వచ్చే మైకుల్లోనో కీబోర్డులోనో ల్యాప్‌టాప్‌లోనో ఉంది. అప్పుడు ఒక్కో ఛానెల్ దించుకుంటూ వెళ్తే దొరుకుతుంది. ఫేడర్ దించినా మూలుగు అలాగే ఉంటే, అది ఫేడర్ దాటిన తర్వాత కలుస్తోంది.

తర్వాత ఆంప్లిఫయర్ దగ్గరికి వెళ్ళి దాని వాల్యూమ్ నాబు తగ్గించండి. మూలుగు కూడా తగ్గితే అది ఆ నాబు కంటే ముందే లోపలికి వస్తోంది. నాబు సున్నాకి తెచ్చినా మూలుగు ఉంటే దోషం ఆంప్లిఫయర్‌దే. పాత ఆంప్లిఫయర్లలో పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోతే ఇలా మూలుగుతాయి, దానికి రిపేరు తప్ప దారి లేదు.

మా వాడికి మిక్సర్ ఫేడర్‌తో తేడా రాలేదు, ఆంప్లిఫయర్ నాబుతో మాత్రం తగ్గింది. అంటే ఈ రెంటి మధ్యలోనే ఉంది. మధ్యలో ఉన్నది మిక్సర్ అవుట్‌పుట్, ఆ ముప్పై మీటర్ల కేబుల్, ఆంప్లిఫయర్ ఇన్‌పుట్, ఇంతే. పందిట్లో ఉన్న ఇరవై వైర్లలో పంతొమ్మిది పక్కకి వెళ్ళిపోయాయి, ఒక్క పిన్ను కూడా పీకకుండా.

ఇక్కడి నుంచి పీకడం మొదలు. పిన్ను పీకే ముందు, గుచ్చే ముందు ప్రతిసారీ ఆంప్లిఫయర్ వాల్యూమ్ సున్నాకి తేవాలి. ‘ఢబ్’మనే ఆ ఒక్క దెబ్బకి ట్వీటర్లు పోతాయి. వాడు ఆంప్లిఫయర్ దగ్గర కేబుల్ పీకి వాల్యూమ్ పెంచాడు. నిశ్శబ్దం. ఆంప్లిఫయర్ మంచిదే.

ఇప్పుడు కేబుల్‌ని పరీక్షించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆంప్లిఫయర్ వైపు గుచ్చి, మిక్సర్ వైపు చివరని ఊరికే గాల్లో వదిలేస్తే అది ఏరియల్‌లా పనిచేసి చుట్టూ ఉన్న కరెంటు మూలుగునంతా పట్టేస్తుంది. కేబుల్ పాడైందనుకుని దాన్ని పారేస్తారు. అలా వదలకండి. ఆ చివర పి-38 పిన్ను మొనకీ ఒంటికీ కలిపి ఒక తీగ ముక్క చుట్టి షార్ట్ చేయండి. మా కుర్రాడు పువ్వులు కట్టే సన్నటి రాగితీగ చుట్టాడు. అలా షార్ట్ చేసి వింటే నిశ్శబ్దంగా ఉంది. అంటే కేబుల్ కూడా మంచిదే. తీగ విప్పి మిక్సర్‌కి గుచ్చాడు, మళ్ళీ ‘హూఁ’.

స్విచ్చి ఆపడం వేరు, ప్లగ్గు పీకడం వేరు

మిక్సర్ పాడైందనుకుని నాకు ఫోన్ చేయబోయాడట. ఎందుకో ఆగి మిక్సర్ స్విచ్చి ఆపేశాడు. లైట్లన్నీ ఆరిపోయాయి, మూలుగు ఆగలేదు. వరండా గోడ మీది స్విచ్చి కూడా ఆపాడు. అయినా ఆగలేదు. కరెంటే అందని మిక్సర్ నుంచి మూలుగు ఎలా వస్తుంది? పక్కనున్న పిల్లలు భయపడ్డారు కూడా. అప్పుడు గోడలోంచి త్రీపిన్ ప్లగ్గు పూర్తిగా బయటికి లాగాడు. కత్తితో కోసినట్టు ఆగిపోయింది. మళ్ళీ గుచ్చాడు, స్విచ్చి వేయకుండానే. వచ్చింది. లాగాడు. పోయింది.

“ప్లగ్గు పీకేసినాను గురువుగోరూ, ఆగిపోనాది. స్విచ్చి కడితే ఆగలేదండి, పీకితేనే!” ఆ ఫోను వచ్చేసరికి నాకు విషయం పూర్తిగా అర్థమైంది, వాడికి సగం అర్థమైంది.

మిగతా సగం ఇది. గోడ స్విచ్చి ఫేజు వైరునే తెంపుతుంది. ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే పై పిన్ను ఎర్త్‌ది. స్విచ్చి ఆపినా అది ఇంటి ఎర్త్‌తో అంటుకునే ఉంటుంది. ఇప్పుడు వేలితో గాల్లో ఒక గీత గీసుకోండి. ఆంప్లిఫయర్ బాడీ నుంచి ఎర్త్ వైరు మీదుగా పందిరి రాడ్డుకి, అక్కడి నుంచి మట్టిలో పడి ఇంటి ఎర్త్ గోతికి, అక్కడి నుంచి వరండా ప్లగ్గులోని లావు పిన్ను ద్వారా మిక్సర్ బాడీకి, మిక్సర్ నుంచి కేబుల్‌లో లోపలి తీగ చుట్టూ అల్లి ఉండే జల్లెడ వైరు మీదుగా తిరిగి ఆంప్లిఫయర్ బాడీకి. మొదలుపెట్టిన చోటికే వచ్చారు. ఇదే గ్రౌండ్ లూప్.

రెండు ఎర్త్‌లూ మట్టిలోనే ఉన్నా వాటి వోల్టేజీ ఒక్కటి కాదు. ఇంట్లో మోటారు, ఫ్రిజ్ లాంటివి కొద్దికొద్దిగా కరెంటుని ఎర్త్‌లోకి లీక్ చేస్తుంటాయి. ఆ లీకేజీతో ఇంటి ఎర్త్ పందిరి ఎర్త్ కంటే కాస్త పైకి లేస్తుంది. ఆ తేడా ఈ చుట్టులో యాభై హెర్ట్జ్ కరెంటుని తిప్పుతుంది. మోటారు వేసినప్పుడు మూలుగు హెచ్చడానికి కారణం ఇదే. మోనో కేబుల్‌లో ఆ జల్లెడ వైరే పాటకి కూడా తిరుగుదారి. కాబట్టి దాని మీద పడిన వోల్టేజీ నేరుగా పాటతో కలిసిపోతుంది. మిక్సర్ గట్టిగా పాడించేటప్పుడు ఇచ్చేదే సుమారు 1.2 వోల్టులు. కేబుల్ మీద 12 మిల్లీవోల్టులు పడినా అది పాటలో నూరోవంతు. డప్పు మోగేటప్పుడు వినబడదు, పంతులుగారు ఊపిరి తీసుకునే విరామంలో పందిరంతా వినబడుతుంది.

మీటరుతో రూఢి చేసుకోండి

నేను కంచరపాలెం చేరేసరికి ఏడున్నర. ఇద్దరం కలిసి కొలిచాం. మీరూ కొలవండి, అనుమానం మిగలకూడదు. సిగ్నల్ కేబుల్ పీకేసి, రెండు ప్లగ్గులూ గుచ్చే ఉంచి, మల్టీమీటరును ఏసీ వోల్టుల్లో ముందు పెద్ద రేంజిలో పెట్టండి, అంకె చిన్నదిగా వస్తే రేంజి తగ్గించండి. ఒక మొన ఆంప్లిఫయర్ బాడీకి, రెండోది పొడుగు వైరుతో మిక్సర్ బాడీకి. రంగు లేని స్క్రూ మీద ఆనించండి, పెయింటు మీద ఆనిస్తే ఏమీ చూపదు. మొనల లోహాన్ని వేళ్ళతో ముట్టుకోవద్దు. మాకు 1.8 వోల్టులు చూపింది. మోటారు వేస్తే రెండు దాటింది.

ఒకటో రెండో వోల్టులు వస్తే అది రెండు ఎర్త్‌ల మధ్య తేడా. అదే 60, 90, 110 లాంటి అంకె వస్తే అది గ్రౌండ్ లూప్ కాదు, అక్కడే ఆగిపోండి. ఏదో ఒక వైపు ఎర్త్ తెగిపోయి, పరికరంలోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా బాడీ మీదికి వోల్టేజీ తేలుతోందేమో. లేదా నిజంగానే ఎక్కడో ఫేజు తగులుతోందేమో. రెంటిలో ఏదైనా సరే, ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ బాగుచేసేదాకా ఆ కేబుల్ కలపొద్దు, ఆ మైకు ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

లావు పిన్ను విరగ్గొట్టొద్దు

మేం కొలుస్తుండగా పందిట్లో లైట్లు చూసే అతను కట్టింగ్ ప్లేయర్‌తో వచ్చాడు. “ఆ ఎర్తు పిన్ను విరిచేస్తే అయిపోద్ది కదా, దానికింత సేపా?” అని. అలా చేస్తే మూలుగు ఆగే మాట నిజం. చుట్టు తెగుతుంది కాబట్టి ఆగుతుంది. కానీ ఆ తర్వాత ఎప్పుడైనా మిక్సర్‌లో ఫేజు వైరు బాడీకి తగిలితే, ఆ కరెంటు పోవడానికి ఎర్త్ వైరు ఉండదు. మిగిలేది సన్నటి సిగ్నల్ కేబుల్, మైకు కేబుల్, వాటి చివర మైకు. ఆ మైకు పట్టుకునేది స్నానం చేసి తడిబట్టతో, వట్టి కాళ్ళతో, తడినేల మీద కూర్చున్న పంతులుగారు. 230 వోల్టుల దగ్గర ఆ మనిషి బతకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. విరిగిన లావు పిన్నుతో ప్లగ్గు కనబడితే దాన్ని మార్చకుండా నేను ఏ పరికరమూ ఆన్ చేయనివ్వను. ఇందులో మొహమాటం పనికిరాదు, మీరూ పడొద్దు.

అసలు మందు: ఒకే బోర్డు నుంచి కరెంటు

చుట్టు తెగాలి, ఎర్త్ మాత్రం తెగకూడదు. దానికి తేలికైన దారి, మిక్సర్‌కి కూడా ఆంప్లిఫయర్‌కి ఇచ్చిన బోర్డు నుంచే కరెంటు తేవడం. అప్పుడు రెండో ఎర్త్ గొయ్యే ఉండదు. మిక్సర్‌కి కరెంటు చాలా తక్కువ పడుతుంది, 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల వైరు ఎక్కువే. మేం ముప్పై మీటర్ల ఎక్స్‌టెన్షన్ లాగాం, సిగ్నల్ కేబుల్ దారిలోనే. రెండూ ఒకే దారిలో దగ్గరగా వెళ్తే చుట్టు వైశాల్యం చిన్నదవుతుంది, దాంతో పక్క వైర్ల నుంచి మూలుగు ఎక్కడమూ తగ్గుతుంది. ఆనించి కలిపి కట్టక్కర్లేదు, జానెడు దూరం చాలు.

ఎక్స్‌టెన్షన్ లాగేముందు దాన్ని కూడా పరీక్షించాలి. బజారులో దొరికే కొన్ని జంక్షన్ బాక్సులకి మూడు రంధ్రాలుంటాయి, వెనక వైరు మాత్రం రెండు కోర్లదే. ఎర్త్ రంధ్రం అలంకారానికే. ఎక్కడా గుచ్చకుండా మీటరును బజర్‌లో పెట్టి, ప్లగ్గు లావు పిన్నుకీ బాక్సు పై రంధ్రానికీ మధ్య చూడండి. కూయాలి. మా మొదటి ఎక్స్‌టెన్షన్ కూయలేదు. విప్పి చూస్తే వైరు మూడు కోర్లదే గానీ, ఎర్త్ స్క్రూ దగ్గర పచ్చగా చిలుము పట్టి వైరు ఊడి ఉంది. మన సముద్రం గాలికి ఇది మామూలే. బీచి దగ్గర పందిళ్ళు చేసేవాళ్ళు ప్రతి సీజను ముందూ ఈ స్క్రూలు విప్పి, గీకి, బిగించుకోవాలి. గీకి బిగించాక కూసింది. అప్పుడే మిక్సర్‌కి ఇచ్చాం.

ఫేడర్ కింద, వాల్యూమ్ పైన. నిశ్శబ్దం. ట్వీటర్ దగ్గర చెవి పెడితే సన్నటి ‘ష్’ తప్ప ఏమీ లేదు. ఆ ‘ష్’ ఉండడం సహజమే.

అయితే ఐదు నిమిషాలకే పాటల కోసం ల్యాప్‌టాప్ తెచ్చి ఇ.పి. పిన్నుతో మిక్సర్‌కి కలిపారు. మళ్ళీ సన్నగా మూలుగు, ఈసారి కాస్త గీరుడుతో. నేను నోరు తెరిచేలోపే కుర్రాడు ల్యాప్‌టాప్ చార్జర్ పీకాడు. ఆగింది. చార్జర్‌ది కూడా త్రీపిన్ ప్లగ్గే, అదింకా వరండా గోడకే గుచ్చి ఉంది. దాన్ని కూడా మన ఎక్స్‌టెన్షన్‌లోకి మార్చాడు. మూలుగు పోయింది, గీరుడు కొద్దిగా మిగిలింది. కొన్ని చార్జర్ల స్వభావమే అంత. దానికి మధ్యలో గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్స్ పెట్టాం. డీఐ బాక్స్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే పాట అయస్కాంతం మీదుగా దాటుతుంది, రెండు వైపుల ఎర్త్‌లకీ లోహపు బంధం ఉండదు. గ్రౌండ్ లిఫ్ట్ బటన్ సిగ్నల్ కేబుల్ ఎర్త్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. లావు పిన్ను విరవడానికీ దీనికీ తేడా అదే.

ఒకే బోర్డు నుంచి తేవడం కుదరనప్పుడు

రోడ్డు దాటించాల్సి వచ్చిందనుకోండి, లేదా రెండు పందిళ్ళకి ఒకే పాట పంపాలి. అప్పుడు కేబుల్ చివర, అందుకునే ఆంప్లిఫయర్ వైపు, ఒకటికి ఒకటి నిష్పత్తి ఉన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. దీనికీ హద్దుంది. చిన్నవి, చవకవి బాగా లోతైన బేస్‌ని గట్టిగా పంపితే నలిపేస్తాయి. మంత్రాలకి, భజనలకి సరిపోతాయి. డీజే పాటలకైతే పెద్ద కోర్ ఉన్నది కొనాలి.

రెండు వైపులా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్లు ఉంటే మోనో కేబుల్ మానేసి బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేయండి. అందులో పాట రెండో పిన్ను, మూడో పిన్ను రెంటి మీదా వెళ్తుంది, జల్లెడ వైరు ఒకటో పిన్నుకే ఉంటుంది, పాట దాని మీద ఆధారపడదు. చాలాసార్లు ఇంతతోనే మూలుగు వినబడనంత తగ్గుతుంది. ఇంకా మిగిలితే ఆంప్లిఫయర్ వైపు ఒకటో పిన్ను సాల్డర్ విప్పి వదిలేయొచ్చు, మిక్సర్ వైపు మాత్రం ఉంచాలి. అలా చేసిన కేబుల్‌కి రెండు చివరలా ఎర్ర టేపు చుట్టండి. పొరపాటున దాన్ని కండెన్సర్ మైకుకి వేస్తే మిక్సర్ నుంచి మైకుకి వెళ్ళే ఫాంటమ్ పవర్ 48 వోల్టులు తిరిగిరావడానికి దారి ఉండదు, మైకు పలకదు. మీరు మైకు చచ్చిపోయిందనుకుంటారు.

నిమజ్జనం రోజు బాక్సులన్నీ వ్యాను మీద, ఒకే జనరేటర్. దారిలో ఒకచోట వీడియో తీసే అతను ఆగమన్నాడు. మిక్సర్ నుంచి తన రికార్డింగ్‌కి ఒక లైను ఇవ్వమన్నాడు. అతని సామాను రోడ్డు పక్క షాపు కరెంటు మీద ఉంది. నేను డ్రైవరుతో మాట్లాడుతున్నాను. మా కుర్రాడు ముందు అతని ప్లగ్గు ఎక్కడుందో చూశాడు, తర్వాత సంచిలోంచి ట్రాన్స్‌ఫార్మర్ డబ్బీ తీసి మధ్యలో కలిపి, అప్పుడు కేబుల్ చివర అతని చేతికి ఇచ్చాడు.